ఒకే నెల ప్లానుకు రెండుసార్లు డబ్బు కట్ అయితే: అపోహలు - వాస్తవాలు

చందా బిల్లుల ఫిర్యాదులు చూసే పనిలో ఉన్న నాకు ప్రతి నెలా మొదటి వారంలో దాదాపు ఒకే ఉత్తరం వస్తుంది: "ఒక్క ప్లానే తీసుకున్నాను, రెండుసార్లు డబ్బు పట్టారు, వెంటనే వెనక్కి ఇవ్వండి."

అపోహ: ఇది కంప్యూటరు పొరపాటు, ఒక నెల సొమ్ము వెనక్కి వస్తే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: నేను చూసిన ఉత్తరాలలో చాలావాటి వెనుక ఉన్నది ఒకేసారి నడుస్తున్న రెండు చందాలు. తెనాలిలో మిఠాయి దుకాణం నడిపే ఒకాయన నెలకు జీఎస్టీతో కలిపి 1,180 రూపాయల ప్లాను వాడేవారు. ఫోను నంబరు మార్చినప్పుడు పాత ఖాతాలోకి వెళ్లలేక, కొత్త నంబరుతో మళ్లీ నమోదై యూపీఐ ఆటోపే పెట్టుకున్నారు. ప్రతి నెలా డబ్బు తీసుకోవడానికి పాత నంబరు మీద కార్డుతో ఇచ్చిన అనుమతి అలాగే ఉండిపోయింది. యాప్ తీసేశాను కదా అని ఆయన అనుకున్నారు. యాప్ తీసేసినంత మాత్రాన బ్యాంకుకు ఇచ్చిన అనుమతి రద్దు కాదు. మేము మొదటిసారి ఆయన కోరినట్లే ఒక నెల సొమ్ము వెనక్కి పంపి ఊరుకున్నాము, మరుసటి నెల మళ్లీ రెండు కోతలు పడ్డాయి. ఆ తప్పులో నా వంతు కూడా ఉంది, ఎందుకంటే ఇన్వాయిసులు ఎన్ని ఉన్నాయో నేను అడగలేదు.

రెండు చందాలా, ఒకే చందాకు రెండు కోతలా అన్న తేడా తెలిసేది ఇన్వాయిసుల సంఖ్య దగ్గరే. రెండు కోతలకు వేర్వేరు నంబర్లతో రెండు ఇన్వాయిసులు ఉంటే అవి రెండు చందాలు; కోతకు 24 గంటల ముందు వచ్చే సమాచారం కూడా రెండుసార్లు వచ్చి ఉంటుంది. అప్పుడు ఉత్తరంలో పాత, కొత్త ఫోను నంబర్లు, రెండు ఇన్వాయిసు నంబర్లు, రెండు తేదీలు రాసి, ఏ చందా రద్దు చేయాలో స్పష్టంగా చెప్పాలి. రెండవ ఇన్వాయిసు సొమ్మును తగ్గించినట్లు చూపే క్రెడిట్ నోటు కూడా అడగాలి. ఆ ఇన్వాయిసులోని జీఎస్టీని మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకుని, అంటే ఇన్‌పుట్ పన్ను క్రెడిట్ తీసుకుని ఉంటే తిరిగి సరిచేయవలసి ఉంటుంది.

ఇన్వాయిసు ఒక్కటే ఉండి యూపీఐలో రెండు కోతలు పడితే, ఒకటి మధ్యలో ఆగిన చెల్లింపు అయి ఉండవచ్చు. డబ్బు కట్ అయి వ్యాపారికి ధ్రువీకరణ అందని అటువంటి లావాదేవీని ఆ రోజు తరువాత 5 రోజుల్లోగా వెనక్కి వేయాలనీ, దాటితే రోజుకు 100 రూపాయలు చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. లావాదేవీని గుర్తించడానికి యూపీఐ యాప్‌లో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబర్లు, ఆ రెండు కోతలవీ పంపితే చాలు.

అపోహ: కార్డు నంబరు, ఓటీపీ పంపితే పని త్వరగా అవుతుంది.

వాస్తవం: రెండూ ఎవరికీ పంపకండి. అడిగినవాడు మోసగాడే.

అపోహ: మాకు రాస్తూనే బ్యాంకులోనూ వివాదం వేస్తే రెండు వైపులా ఒత్తిడి పెరుగుతుంది.

వాస్తవం: వివాదం తేలే వరకు మేము అదే సొమ్మును విడిగా వెనక్కి పంపలేము. ఆందోళన నాకు అర్థమవుతుంది, కానీ ముందు మాకు రాసి, మేము సరిగా స్పందించకపోతేనే బ్యాంకుకు వెళ్లండి.