రెండు నిష్పత్తులు, ముగ్గురు వాటాదారులు: అపోహలు - వాస్తవాలు

ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యేవారికి అంకగణితం బోధించే నేను, నిష్పత్తుల అధ్యాయంలో అభ్యర్థులు అత్యధికంగా తడబడే లెక్కగా దీన్నే చూస్తున్నాను. ముగ్గురు అన్నదమ్ములు రూ. 10,500 పంచుకోవాలి. పెద్దవాడి వాటాకు, నడిమివాడి వాటాకు ఉన్న నిష్పత్తి 2:3. నడిమివాడి వాటాకు, చిన్నవాడి వాటాకు ఉన్న నిష్పత్తి 4:5. ఎవరికెంత వస్తుంది?

అపోహ: రెండు నిష్పత్తులను పక్కపక్కన చేర్చి 2:3:5 అని రాస్తే సరిపోతుంది; లేదా నడిమివాడి 3, 4 కూడి 2:7:5 అని రాయవచ్చు.

వాస్తవం: మొదటి నిష్పత్తిలోని 3, రెండో నిష్పత్తిలోని 4 ఒకే మనిషికి వచ్చే ఒకే సొమ్మును చెబుతున్నాయి. అంకెలు వేరుగా ఉండటానికి కారణం, ఆ రెండు చోట్లా ‘ఒక భాగం’ విలువ ఒకటి కాకపోవడమే. కాబట్టి ముందుగా నడిమివాడి భాగాలను రెండు చోట్లా సమానం చేయాలి. 3, 4ల క.సా.గు. 12 కనుక మొదటి నిష్పత్తిని 4తోనూ, రెండోదాన్ని 3తోనూ గుణిస్తే 8:12, 12:15 వస్తాయి. ఇప్పుడు మాత్రమే వాటిని కలిపి 8:12:15 అని రాయవచ్చు. మొత్తం 35 భాగాలు, ఒక్కో భాగం రూ. 300, కనుక వాటాలు వరుసగా రూ. 2,400, రూ. 3,600, రూ. 4,500.

నడిమివాడి రూ. 3,600ను ఒకసారి పరిశీలించండి. మొదటి నిష్పత్తి ప్రకారం అది 3 భాగాలు, అంటే ఒక భాగం రూ. 1,200, రెండో నిష్పత్తి ప్రకారం అదే సొమ్ము 4 భాగాలు, అంటే ఒక భాగం రూ. 900. విలువ వేరైన భాగాలను ఒకే వరుసలో పేర్చడం, లేదా ఒకదానితో ఒకటి కూడడం ఎందుకు కుదరదో ఇక్కడే స్పష్టమవుతుంది.

అపోహ: మూడు వాటాలు కూడితే మొత్తం సొమ్ము వచ్చింది కాబట్టి జవాబు సరైనదే.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికంటే నష్టం చేసే అపోహ ఇదే. 2:3:5 ప్రకారం పంచితే రూ. 2,100, రూ. 3,150, రూ. 5,250 వస్తాయి. 2:7:5 ప్రకారం పంచితే రూ. 1,500, రూ. 5,250, రూ. 3,750 వస్తాయి. రెండింటిలోనూ శేషం లేదు, కూడితే సరిగ్గా రూ. 10,500 అవుతుంది. ఏ నిష్పత్తిలో పంచినా మొత్తం మొత్తంగానే ఉంటుంది కనుక, కూడి చూడటం వల్ల నిష్పత్తి తప్పో ఒప్పో తెలియదు. ఇచ్చిన రెండు నిష్పత్తులనూ వాటాలతో విడివిడిగా సరిచూడాలి. 3,150కి 5,250కి ఉన్న నిష్పత్తి 3:5 అవుతుందే తప్ప 4:5 కాదు. తప్పు అక్కడ బయటపడుతుంది. సరైన జవాబులో 2,400:3,600 అంటే 2:3, 3,600:4,500 అంటే 4:5, రెండూ నిలుస్తాయి.

అపోహ: అడ్డంగా గుణించే చిట్కా అన్ని లెక్కలకూ పనికివస్తుంది.

వాస్తవం: 2×4, 3×4, 3×5 అని గుణించి 8:12:15 రాబట్టే చిట్కా సరైనదే, కానీ ఉమ్మడి వ్యక్తి మొదటి నిష్పత్తిలో చివరన, రెండో నిష్పత్తిలో మొదట ఉన్నప్పుడే. ఇదే సొమ్ముకు పెద్దవాడు, నడిమివాడు 2:3. పెద్దవాడు, చిన్నవాడు 4:5 అని ఇచ్చారనుకుందాం. ఇప్పుడు ఉమ్మడి వ్యక్తి పెద్దవాడు. అతని 2ను 4గా మారిస్తే మొదటి నిష్పత్తి 4:6 అవుతుంది, రెండోదాన్ని ముట్టుకోనక్కర లేదు, కలిపితే 4:6:5. మొత్తం 15 భాగాలు, ఒక్కోటి రూ. 700, వాటాలు రూ. 2,800, రూ. 4,200, రూ. 3,500. చిట్కాను గుడ్డిగా వాడినవారు మళ్లీ 8:12:15కే చేరి, చిన్నవాడికి రూ. 4,500 ఇచ్చేస్తారు. అందుకే అంకెల కంటే ముందు పేర్లు రాసి, రెండు చోట్లా కనిపించే పేరు కింద గీత గీయమని చెబుతాను.

అపోహ: క.సా.గు. తీయకపోతే జవాబు తప్పుతుంది.

వాస్తవం: జవాబు తప్పు కాదు. నిష్పత్తులు 5:6, 9:10 అయితే క.సా.గు. 18తో 15:18:20 వస్తుంది. నేరుగా గుణిస్తే 45:54:60 వస్తుంది. రెండోది మొదటిదానికి మూడు రెట్లు, అంతే. పంచాల్సింది రూ. 10,600 అయితే 53 భాగాలతో ఒక్కో భాగం రూ. 200 అని తేలికగా తేలుతుంది; 159 భాగాలతో భిన్నం ఎదురై కాలం వృథా అవుతుంది, వాటాలు మాత్రం మారవు.

అపోహ: ఒకే పేరు రెండు నిష్పత్తుల్లో ఉంటే వాటిని ఎప్పుడైనా కలపవచ్చు.

వాస్తవం: రెండు నిష్పత్తులూ ఒకే రాశిని పోల్చాలి. పెద్దవాడు, నడిమివాడి ఆదాయాల నిష్పత్తి 2:3 అని, నడిమివాడు, చిన్నవాడి ఖర్చుల నిష్పత్తి 4:5 అని ఇస్తే, నడిమివాడి ఆదాయం, నడిమివాడి ఖర్చు వేర్వేరు సొమ్ములు కనుక 3ను, 4ను సమానం చేయడానికి ఆధారం లేదు. అతని ఆదాయానికీ ఖర్చుకూ ఉన్న సంబంధం విడిగా ఇస్తేనే ఆ లెక్క ముందుకు సాగుతుంది.