చాట్‌బాట్ బిల్లు ఒక్క యూజరే తాగేయకుండా: టోకెన్ లిమిట్లపై అపోహలు - వాస్తవాలు

మేం ఇంటర్ పిల్లల డౌట్లు తీర్చే చాట్‌బాట్ ఒకటి నడుపుతున్నాం. సుమారు 4,000 మంది వాడతారు, మోడల్ ఏపీఐ ఖర్చుకి నెలకు 40,000 రూపాయలు అనుకున్నాం. ఒక నెల మొదటి వారంలోనే ఒకే ఒక్క ఖాతా నాలుగు రోజుల్లో దాదాపు 6,000 ఖర్చు పెట్టించింది. అప్పటికి మా దగ్గర లిమిట్ లేదా అంటే ఉంది, రోజుకు 100 ప్రశ్నలు. ఆ ఖాతా ఏ రోజూ వంద దాటలేదు! అప్పటిదాకా నేను నమ్మినవీ, ఇప్పటికీ తోటివాళ్ల నోట వింటున్నవీ ఇక్కడ రాస్తున్నాను.

మోడల్ రాతని చిన్న చిన్న ముక్కలుగా విరిచి చూస్తుంది, వాటినే టోకెన్లంటారు. మనం పంపేవి ఇన్‌పుట్, జవాబుగా వచ్చేవి అవుట్‌పుట్, బిల్లు రెండిటికీ పడుతుంది. లెక్క సులువుగా ఉండటానికి పది లక్షల ఇన్‌పుట్ టోకెన్లకు 100 రూపాయలు, పది లక్షల అవుట్‌పుట్ టోకెన్లకు 400 అనుకుందాం. మీ మోడల్ రేటు వేరే ఉంటుంది, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

అపోహ: రోజుకి ఇన్ని మెసేజీలని పెడితే చాలు

వాస్తవం: మెసేజీకీ మెసేజీకీ ఖర్చులో పదింతల తేడా ఉండొచ్చు. మోడల్‌కి పాత మాటలు గుర్తుండవు కాబట్టి, మామూలు పద్ధతిలో ప్రతి ప్రశ్నతో పాటు అంతకుముందు జరిగిన సంభాషణంతా మళ్లీ పంపుతాం. పంపిన ప్రతిసారీ దానికీ డబ్బు కట్టాలి.

బాట్ ఎలా నడుచుకోవాలో చెబుతూ ప్రతిసారీ ముందు పంపే మా సిస్టమ్ ప్రాంప్ట్ 1,500 టోకెన్లు, సగటు ప్రశ్న 200, జవాబు 600 అనుకోండి. మొదటి ప్రశ్నకి ఇన్‌పుట్ 1,700 టోకెన్లు. ఆ తర్వాత ప్రతి ప్రశ్నకీ ఇంకో 800 చేరుతూ పోతాయి. ఒకే చాట్‌లో వంద ప్రశ్నలు అడిగితే మొత్తం ఇన్‌పుట్ 41.3 లక్షల టోకెన్లు, అంటే 413 రూపాయలు. అవుట్‌పుట్ 60,000 టోకెన్లు, అది 24 రూపాయలే. మొత్తం 437. అవే వంద ప్రశ్నల్ని చాట్‌కి పది చొప్పున పది చాట్లలో అడిగితే ఇన్‌పుట్ 5.3 లక్షలే, అవుట్‌పుట్‌తో కలిపి 77 రూపాయల్లో అయిపోతుంది. పిల్లాడు ఒకడే, ప్రశ్నలూ అవే, "కొత్త చాట్" బటన్ నొక్కాడా లేదా అన్నదొక్కటే తేడా.

అందుకే మేం ప్రశ్నలు లెక్కపెట్టడం మానేసి డబ్బు లెక్కపెట్టడం మొదలెట్టాం. పైన అనుకున్న రేటులో ఒక ఇన్‌పుట్ టోకెన్ ధర పైసాలో వందో వంతు. దాన్నే ఒక యూనిట్ అనుకున్నాం. అప్పుడు అవుట్‌పుట్ టోకెన్ 4 యూనిట్లు, రూపాయి 10,000 యూనిట్లు. దశాంశాల గొడవ లేదు. యూజర్‌కి రోజుకు 80,000 యూనిట్లు, అంటే 8 రూపాయలు. దానితో పాటు పాత సంభాషణలో చివరి కొన్ని ప్రశ్నలూ జవాబులే పంపుతాం, అంతకు ముందువి కుదించి ఒక పేరాగా పెడతాం. నిజం చెప్పాలంటే బిల్లు తగ్గించింది లిమిట్ కంటే ఈ కుదింపే.

అపోహ: బిల్లు పెంచేది దొంగ యూజర్లే

వాస్తవం: ఆ 6,000 రూపాయల ఖాతా ఒక లెక్చరర్‌గారిది. పిల్లలకి ప్రాక్టీస్ ప్రశ్నలు తయారు చేసుకోవడానికి చాప్టర్ నోట్సు మొత్తం, దాదాపు 30,000 టోకెన్లు, రోజూ కొత్త చాట్‌లో అతికించి రోజంతా అదే చాట్‌లో పని చేసుకుంటున్నారు. నోట్సుకే ప్రతి ప్రశ్నకి 3 రూపాయలు, పేరుకుపోయిన సంభాషణతో, జవాబుతో కలిపి ఐదు పైన. అయినా రోజుకు డెబ్బై ప్రశ్నలంటే నాలుగు రోజులకి 1,500 కావాలి, 6,000 ఎలా అయింది?

అసలు దొంగ మా యాప్‌లోనే దొరికాడు. 30 సెకన్లలో జవాబు రాకపోతే యాప్ అదే ప్రశ్నని మళ్లీ పంపేది, అలా మూడుసార్లు. ఆయన చాట్ అంత పెద్దది కాబట్టి జవాబుకి 30 సెకన్లు దాటేది. యాప్ చేతులు దులిపేసుకున్నా వెనకాల సర్వర్ మొదటి కాల్‌ని ఆపలేదు, అది పూర్తయి బిల్లు పడింది, రెండోదీ పడింది, మూడోదీ నాలుగోదీ పడ్డాయి. ఒక ప్రశ్నకి నాలుగు బిల్లులు. మా 100 ప్రశ్నల లెక్క యాప్‌లో ఉండేది కాబట్టి అది దీన్ని ఒకే ప్రశ్నగా చూసింది.

దీన్ని ఎలా పట్టుకోవచ్చంటే, ఒకే యూజర్, ఒకే ఇన్‌పుట్ టోకెన్ల సంఖ్య, సరిగ్గా 30 సెకన్ల తేడాతో లాగ్‌లో వరసగా కనిపిస్తాయి. మనుషులు అంత కచ్చితంగా అడగరు. ఇప్పుడు ప్రతి ప్రశ్నకీ యాప్ ఒక ఐడీ ఇస్తుంది, మళ్లీ పంపినా ఐడీ మారదు, సర్వర్ ఆ ఐడీ ఇప్పటికే నడుస్తుంటే కొత్త కాల్ చెయ్యకుండా పాతదాని జవాబే అందిస్తుంది. ఇంకో మాట, లిమిట్ అయిపోయిందని మీ సర్వర్ 429 ఎర్రర్ కోడ్ పంపినప్పుడు యాప్ దాన్ని కూడా నెట్‌వర్క్ తప్పిదం అనుకుని మళ్లీ మళ్లీ తడుతుందేమో చూసుకోండి.

అపోహ: జవాబు వచ్చాక ఖాతాలో రాసుకుంటే సరిపోతుంది

వాస్తవం: జవాబు రావడానికి పది ఇరవై సెకన్లు పడుతుంది. ఈలోగా అదే యూజర్ ఇంకో ఇరవై ట్యాబ్‌లు తెరిచి అడిగితే ఇరవైకీ "ఇంకా మిగిలింది" అనే కనిపిస్తుంది, ఇరవైనీ వదిలేస్తాం. ఎవరైనా కావాలని లిమిట్ దాటాలనుకుంటే మొదట ప్రయత్నించేది ఇదే.

హోటల్లో గది ఇచ్చేముందు అడ్వాన్స్ తీసుకుని, వెళ్లేటప్పుడు మిగిలింది తిరిగిచ్చినట్టు చెయ్యాలి. కాల్ చేసేముందే అయ్యే గరిష్ఠ ఖర్చు పక్కన పెట్టేయాలి. ఉదాహరణకి ఇన్‌పుట్ 6,000 టోకెన్లు, జవాబుకి `max_tokens` 1,000 పెట్టాం. అడ్వాన్స్ 6,000 + 4,000 = 10,000 యూనిట్లు, అంటే రూపాయి. జవాబు 600 టోకెన్లలో వచ్చింది, అసలు ఖర్చు 8,400. మిగిలిన 1,600 తిరిగి జమ. `max_tokens` పెట్టకపోతే గరిష్ఠం ఎంతో తెలియదు కాబట్టి ఈ పద్ధతే పనిచెయ్యదు.

చూడటం, తీసుకోవడం రెండూ ఒకే దెబ్బలో జరగాలి, మధ్యలో వేరే రిక్వెస్ట్ దూరకూడదు. రెడిస్‌లో ఈ చిన్న లూవా స్క్రిప్టు చాలు:

```lua
local used = tonumber(redis.call('GET', KEYS[1]) or '0')
local need = tonumber(ARGV[1])
local limit = tonumber(ARGV[2])
if used + need > limit then return 0 end
redis.call('INCRBY', KEYS[1], need)
redis.call('EXPIRE', KEYS[1], 172800)
return 1
```

కీలో యూజర్ ఐడీ, తేదీ ఉంటాయి. ఇక్కడ మేం కాలు జారిన చోటు ఒకటుంది: రాత్రి 11:59కి అడ్వాన్స్ తీసుకుని 12:00 దాటాక మిగులు జమ చేస్తే అది కొత్త రోజు కీలో పడి, ఖర్చు మైనస్‌లోకి పోతుంది. అడ్వాన్స్ ఏ కీలో తీసుకున్నామో గుర్తుపెట్టుకుని అదే కీలో జమ చెయ్యాలి.

మరి జవాబు సగంలో ఉండగా యూజర్ ట్యాబ్ మూసేస్తే? స్ట్రీమింగ్‌లో టోకెన్ల లెక్క సాధారణంగా చివర్లో వస్తుంది, మధ్యలో తెగితే మన చేతికి రాకపోవచ్చు. బిల్లు మాత్రం పడే ఉంటుంది. అలాంటప్పుడు మేం అడ్వాన్స్ తిరిగివ్వం. మొదట్లో ఇచ్చేవాళ్లం. జవాబు దాదాపు పూర్తిగా వచ్చాక ఆపేస్తే ఉచితం అన్న విషయం హాస్టల్ పిల్లలు కనిపెట్టడానికి వారం పట్టలేదు.

అపోహ: నాలుగు అక్షరాలకి ఒక టోకెన్

వాస్తవం: అది ఇంగ్లిష్‌కి వాడే ఉజ్జాయింపు. తెలుగుకి అతికించారంటే అడ్వాన్స్ ఘోరంగా తక్కువ పడుతుంది. మనం ఒక అక్షరంగా చూసే "క్షే" కంప్యూటర్‌కి నాలుగు ముక్కలు: క, పొల్లు, ష, ఏత్వం. యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 12. టోకెనైజర్‌లో తెలుగు ముక్కలు తక్కువగా ఉంటే ఆ బైట్లు ఎక్కువ టోకెన్లుగా విరిగిపోతాయి. మోడల్‌ని బట్టి తేడా చాలా ఉంటుంది కాబట్టి నేనొక అంకె చెప్పను. మీ లాగ్‌లో నెల రోజుల తెలుగు ప్రశ్నలు తీసుకుని, ఏపీఐ తిరిగిచ్చిన టోకెన్ల సంఖ్యని అక్షరాల సంఖ్యతో పోల్చి మీ నిష్పత్తి మీరే తేల్చుకోండి. ప్రొవైడర్ దగ్గర టోకెన్లు లెక్కపెట్టే సదుపాయం ఉంటే ఇంకా మంచిది.

దీంట్లో డబ్బు కాని చిక్కు కూడా ఉంది. అందరికీ ఒకే లిమిట్ పెడితే తెలుగులో అడిగే పిల్లకి ఇంగ్లిష్‌లో అడిగే పిల్లాడి కంటే తక్కువ ప్రశ్నలు దక్కుతాయి. వాళ్లకి తెలిసేది "రోజూ నాకే ముందు అయిపోతోంది" అన్నదొక్కటే. మేం తెలుగు మీడియం ఖాతాలకి లిమిట్ పెంచాం. అకౌంట్స్ చూసే మా అన్నగారు ఇప్పటికీ దీని మీద గొణుగుతారు, నేను మార్చలేదు.

అపోహ: ఐపీ అడ్రస్ మీద లిమిట్ పెడితే పని సులువు

వాస్తవం: ఒక కాలేజీ హాస్టల్ వైఫై మొత్తం బయటికి ఒకే ఐపీగా కనిపిస్తుంది, మొబైల్ నెట్‌లోనూ చాలామంది ఒకే ఐపీ వెనకాల ఉంటారు. ఒకడి కోసం మూడొందల మందిని ఆపుతారు. ఐపీని కొత్త ఖాతాల వరద గమనించడానికి వాడండి, అంతే.

అపోహ: యూజర్‌కి లిమిట్ పెట్టాం, ఇక బిల్లు దాటదు

వాస్తవం: గుణించి చూడండి. 4,000 మంది, రోజుకు 8 రూపాయలు, 30 రోజులు: 9.6 లక్షలు! మా బడ్జెట్ 40,000. పోనీ బడ్జెట్‌నే 4,000తో భాగిద్దామంటే మనిషికి నెలకు 10 రూపాయలొస్తాయి, దాంతో ఎవరికీ ఉపయోగం లేదు. చాలామంది రోజుకు రూపాయి కూడా వాడరు కాబట్టే 8 పెట్టగలిగాం, కానీ పరీక్షల ముందు వారం అందరూ ఒక్కసారే మీద పడతారు. ఇక ఒకడే యాభై ఖాతాలు తెరిస్తే లిమిట్ యాభై రెట్లవుతుంది, అందుకే కొత్త ఖాతాకి మొదటి మూడు రోజులు రూపాయే ఇస్తాం.

ప్రొవైడర్ దగ్గర పెట్టే నెలవారీ లిమిట్ దీన్ని కాపాడుతుందా అంటే డబ్బుని కాపాడుతుంది, అది కూడా మొత్తం ఖాతాకి కలిపి. 18వ తేదీన తాకిందంటే 4,000 మందికీ బాట్ బంద్. దాన్ని ఆఖరి గోడగా ఉంచుకుని, ముందు మన సొంత రోజువారీ మొత్తం ఒకటి పెట్టుకోవాలి. మా సగటు రోజుకు 1,333 రూపాయలు. మొత్తం 1,600 చేరితే అందరికీ చిన్న మోడల్, పాత సంభాషణ ఇంకా కుదింపు. 2,000 చేరితే కొత్త ఖాతాలు ఆగుతాయి, మిగతావాళ్ల లిమిట్ సగమవుతుంది. ఈ మార్పులు కోడ్ దానంతటదే చెయ్యాలి, మెయిల్ అలర్ట్ వచ్చేసరికి మీరు నిద్రలో ఉంటారు.

చివరగా ఒక చిన్న తప్పు, ఫిర్యాదులు మాత్రం దీనికే ఎక్కువ వచ్చాయి. మా సర్వర్ గడియారం యూటీసీలో ఉంది కాబట్టి లిమిట్ మన టైమ్ ప్రకారం తెల్లవారుజామున 5:30కి రీసెట్ అయ్యేది. రాత్రి 12 దాటగానే కొత్త రోజొచ్చిందని పిల్లలు అడిగేవాళ్లు, "ఈరోజు లిమిట్ అయిపోయింది, రేపు రండి" అని బాట్ అనేది. కీలోని తేదీని మన టైమ్‌కి మార్చి, మెసేజీలో "రేపు" తీసేసి "రాత్రి 12:00కి" అని పెట్టాక ఆ ఫిర్యాదులు ఆగాయి.