కంపెనీ ఖాతా తీసేస్తే పోయేవి ఫోటోలు కావు, ఫోన్ నంబర్లు

రాజీనామా ఇచ్చినవాళ్లు నా బల్ల దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటే: "నా ఫోటోలన్నీ కంపెనీ చెరిపేస్తుందటగా?" ఫోన్ల నిర్వహణే నా పని కాబట్టి ఈ పుకారు విని విని విసుగొచ్చింది. సొంత ఆండ్రాయిడ్ ఫోనులో ఆఫీసు పనికోసం వేరుగా ఉండే భాగం, అంటే వర్క్ ప్రొఫైల్ ఉంటే, అడ్మిన్ చెరపగలిగేది ఆ ప్రొఫైల్‌నే. పెట్టె గుర్తున్న యాప్‌లు పోతాయి, మీ ఫోటోలు కదలవు. ఐఫోనులో మాత్రం నమోదు చేసిన పద్ధతిని బట్టి ఫోను మొత్తం చెరిపే హక్కు కంపెనీకి ఉండవచ్చు. అందుకే ముందు బ్యాకప్ తీసుకోండి.

అసలు నష్టం ఇంకోచోట ఉంది. "ఫోను నాది, అందులోని నంబర్లూ నావే" అనుకోవడమే దానికి మూలమైన అపోహ. కంపెనీ మెయిల్ ఫోనులో పెట్టుకున్నాక కొత్త నంబర్లు ఆ ఖాతాలోనే సేవ్ అవుతూ ఉండవచ్చు. ఖాతా తీయగానే అవీ పోతాయి.

మా దగ్గర ఆరేళ్లు పనిచేసిన ఒకావిడ చివరి రోజు సాయంత్రం బుద్ధిగా ఫోనులోంచి కంపెనీవన్నీ తీసేశారు. రాత్రి చూస్తే తండ్రిని చూసే డాక్టరు నంబరు లేదు, పిల్లల బడి నంబరు లేదు. అప్పటికే ఖాతా మూతపడింది కాబట్టి మళ్లీ కలిపి తెచ్చుకునే దారీ లేదు. అదృష్టం కొద్దీ, మైక్రోసాఫ్ట్ 365లో తొలగించిన ఖాతాను 30 రోజుల్లోపు తిరిగి తెరవవచ్చు. మేనేజర్ అనుమతితో ఆవిడ సొంత నంబర్లు మాత్రం తీసి ఇచ్చాను. క్లయింట్ల నంబర్లు ఇవ్వలేదు, అవి కంపెనీవి.

ఖాతా పనిచేస్తుండగానే సరిచూసుకోండి. ఐఫోనులో కాంటాక్ట్స్ తెరిచి పైనున్న Lists నొక్కితే ఏ పేరు ఏ ఖాతాలో ఉందో కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ కాంటాక్ట్స్‌లోనూ ఖాతాలవారీగా చూడవచ్చు. సొంతవాళ్ల పేర్లను వ్యక్తిగత ఖాతాలోకి మార్చి, కొత్తవి సేవ్ అయ్యే ఖాతానూ మార్చండి. తర్వాత ఐఫోనులో అయితే కంపెనీ ఖాతా కాంటాక్ట్స్ సింక్‌ను కాసేపు ఆపి చూడండి. అప్పుడు మాయమయ్యే పేర్లు ఇంకా అక్కడే ఉన్నట్లు. మళ్లీ ఆన్ చేస్తే తిరిగొస్తాయి.

లాగిన్ కోడ్‌లిచ్చే ఆథెంటికేటర్ యాప్‌ను వర్క్ ప్రొఫైల్‌లో ఉంచి, అందులోనే సొంత బ్యాంకు, మెయిల్ కోడ్‌లు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వాటినీ ముందే బయటికి తెచ్చుకోండి.

ఇక "కంపెనీ యాప్ తీసేస్తే చాలు" అన్న ఇంకో అపోహ. ఐఫోనులో యాప్ పోయినా ఫోనును నిర్వహించడానికి కంపెనీ పెట్టిన ప్రొఫైల్ ఉండిపోతుంది. Settingsలో General, అందులో VPN & Device Management, అక్కడ కంపెనీ ప్రొఫైల్, ఆపై Remove Management నొక్కాలి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని ఖాతాల దగ్గర Work భాగంలో Remove work profile ఉంటుంది. ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయాల్సిన పనే లేదు. ఒకాయన అదీ చేసి, తర్వాత నా దగ్గరకు ఫోటోలకోసం వచ్చాడు.