ఎప్పుడూ ఉదయం పదింటికే వచ్చే ఉపగ్రహం

వృత్తాకార కక్ష్యలో తిరిగే ఉపగ్రహానికి ఎత్తును నిర్ణయించామంటే, అది భూమిని ఒకసారి చుట్టి రావడానికి పట్టే కాలాన్ని కూడా నిర్ణయించినట్టే. 400 కిలోమీటర్ల ఎత్తున ఒక చుట్టుకు దాదాపు 92 నిమిషాలు పడుతుంది, 705 కిలోమీటర్ల ఎత్తున 99 నిమిషాలు పడుతుంది, 35,786 కిలోమీటర్ల ఎత్తున 23 గంటల 56 నిమిషాలు పడుతుంది.

ఈ చివరి అంకె భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి తీసుకునే కాలమే. అందువల్ల భూమధ్యరేఖకు సరిగ్గా పైన, భూమి తిరిగే దిశలోనే ఆ ఎత్తున తిరిగే ఉపగ్రహం కింది నుంచి చూసేవారికి ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు ఉంటుంది. దీన్నే భూస్థిర కక్ష్య అంటారు. టీవీ డిష్‌ను ఒకసారి దానివైపు తిప్పి బిగిస్తే మళ్లీ కదపనక్కరలేదు. వాతావరణ ఉపగ్రహం ఒకే సముద్రాన్ని నిమిషాల వ్యవధిలో మళ్లీ మళ్లీ ఫొటో తీసి తుఫాను కదలికను చూపగలదు. అయితే సంకేతం పైకి వెళ్లి కిందికి రావడానికే పావు సెకను పడుతుంది కాబట్టి, ప్రశ్న వెళ్లి జవాబు వచ్చేసరికి అర సెకను గడిచిపోతుంది. టీవీ చూసేవారికి ఈ ఆలస్యం తెలియదు, ఫోనులో మాట్లాడేవారికి మాత్రం ఒకరి మాట మీద ఒకరి మాట పడుతుంది. పైగా 81 డిగ్రీల అక్షాంశం దాటితే ఉపగ్రహం దిగంతం కిందికి జారిపోతుంది కనుక ధ్రువ ప్రాంతాలు దాని చూపుకు అందవు.

కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున ఉండే దిగువ భూకక్ష్యలో ఆ ఆలస్యం కొద్ది మిల్లీసెకన్లకు తగ్గుతుంది. కానీ 550 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం ఒక దిక్కున ఉదయించి దాదాపు పన్నెండు నిమిషాల్లోనే మరో దిక్కున అస్తమిస్తుంది. అందుకే అక్కడి నుంచి ఇంటర్నెట్ ఎడతెగకుండా ఇవ్వాలంటే ఒక ఉపగ్రహం పోయేలోపు మరొకటి వచ్చేలా వందలు, వేల సంఖ్యలో పంపవలసి వస్తుంది. ఆ ఎత్తున ఉపగ్రహాన్ని నెమ్మదిగా కిందికి దించే పలుచటి గాలి కూడా ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో సౌర తుఫాను ఆ గాలిని వేడెక్కించి ఉబ్బించినప్పుడు, ఇంకా 210 కిలోమీటర్ల దగ్గరే ఉన్న 49 కొత్త స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో చాలావరకు పైకి వెళ్లలేక కిందికి పడి కాలిపోయాయి.

ఇక ధ్రువ కక్ష్య. ఎత్తును బట్టి చూస్తే ఇది కూడా సాధారణంగా దిగువ భూకక్ష్యే. తేడా అంతా వాలులో, అంటే కక్ష్యా తలం భూమధ్యరేఖా తలంతో చేసే కోణంలో ఉంది. మూడింటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇదే కాబట్టి, 705 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ నేలను ఫొటోలు తీసే ల్యాండ్‌శాట్ 8ను కాస్త దగ్గరగా చూద్దాం. అది ఉత్తర దక్షిణాలుగా ఒక చుట్టు తిరిగే 99 నిమిషాల్లో కింద భూమి తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు జరుగుతుంది. అందువల్ల తరువాతి చుట్టులో ఉపగ్రహం భూమధ్యరేఖను పడమటివైపు సుమారు 2,750 కిలోమీటర్ల దూరంలో దాటుతుంది. ఇలా 16 రోజుల్లో 233 చుట్లు పూర్తయ్యేసరికి భూమధ్యరేఖ మీద పక్కపక్క దారుల మధ్య దూరం దాదాపు 172 కిలోమీటర్లకు వస్తుంది. దాని కెమెరా ఒక్కసారికి 185 కిలోమీటర్ల వెడల్పు చూడగలదు కనుక మధ్యలో ఖాళీ మిగలదు. పదిహేడో రోజున మళ్లీ మొదటి దారి మొదలవుతుంది.

అసలు చమత్కారం అది దాటే వేళలో ఉంది. పగటివైపు భూమధ్యరేఖను ఎప్పుడు దాటినా, అక్కడ స్థానిక సమయం ఉదయం పది దాటి కొద్ది నిమిషాలే అవుతుంది. కక్ష్యా తలం సరిగ్గా 90 డిగ్రీల వాలులో ఉంటే అది నక్షత్రాల మధ్య కదలకుండా ఉండిపోతుంది. భూమేమో సూర్యుని చుట్టూ రోజుకు దాదాపు ఒక డిగ్రీ నడుస్తుంది కనుక దాటే వేళ రోజుకు నాలుగు నిమిషాల చొప్పున ముందుకు జరిగి, ఉదయం పది గంటలు మూడు నెలల్లో తెల్లవారుజాము నాలుగు గంటలవుతుంది. దీన్ని సరిదిద్దేది ఇంధనం కాదు, భూమి నడుముదగ్గర ఉన్న ఉబ్బు. భూమధ్యరేఖ వద్ద భూమి వ్యాసార్ధం ధ్రువాల వద్ద కంటే 21 కిలోమీటర్లు ఎక్కువ. ఆ అదనపు ద్రవ్యరాశి కక్ష్యా తలాన్ని తనవైపు వంచాలని లాగుతుంది. కానీ తిరుగుతున్న బొంగరం పడిపోకుండా ఒరిగి నెమ్మదిగా చుట్టూ తిరిగినట్టే, తలం వంగకుండా మెల్లగా తూర్పుకు తిరుగుతుంది. 705 కిలోమీటర్ల ఎత్తున వాలు 98.2 డిగ్రీలుగా ఉంచితే ఆ తిరుగుడు సరిగ్గా ఏడాదికి ఒక పూర్తి చుట్టు అవుతుంది. ఇదే సూర్య సమకాలిక కక్ష్య. ఏటా ఒకే తేదీన తీసిన చిత్రాల్లో నీడలు ఇంచుమించు ఒకేలా పడతాయి కనుక, కనిపించిన మార్పు అడవిదో నదిదో అవుతుంది తప్ప వెలుతురుది కాదు.

ఉబ్బు మోసే భారం ఇంత ఉన్నా, ఇంధనం అవసరం పూర్తిగా తీరదు. సూర్యచంద్రుల ఆకర్షణ వాలును కొద్దికొద్దిగా మారుస్తూ ఉంటుంది, దాన్ని అప్పుడప్పుడు ఇంజన్‌తో సరిచేయాలి. 1999 డిసెంబరులో ప్రయోగించిన టెర్రా ఉపగ్రహం కూడా ఇలాంటి కక్ష్యలోనే ఏళ్ల తరబడి భూమధ్యరేఖను ఉదయం పదిన్నరకు దాటేది. వాలును సరిదిద్దడం 2020లో ఆపేశాక అది రానురాను ముందుగా రావడం మొదలైంది. ఇలాంటి జారుడు చిత్రాల్లోనే తెలిసిపోతుంది: కొండల నీడలు పొడవవుతాయి, అదే నేల ఏ కారణమూ లేకుండా కాస్త మసకబారినట్టు కనిపిస్తుంది.

సూర్యుడితో పనిలేని పరికరమైతే ఈ తంటా అంతా అనవసరం. మంచు మందాన్ని రాడార్‌తో కొలిచే క్రయోశాట్-2కు 92 డిగ్రీల వాలు ఎంచుకున్నారు. దానివల్ల దాటే వేళ మారిపోతూ ఉంటుంది గానీ, ఉపగ్రహం 88 డిగ్రీల అక్షాంశం దాకా వెళ్లి, 98 డిగ్రీల వాలున్నవి తాకలేని ధ్రువపు మంచు మీదుగా నేరుగా నడుస్తుంది.