బ్యాంకు ఖాతాలో సంతకందారుల మార్పు: చిన్న సంఘాల కోశాధికారులకు అపోహలు - వాస్తవాలు

కొత్త కమిటీ ఎన్నికైన వారంలోనే కోశాధికారి మీద పడే పని ఇది. బ్యాంకుకు లేఖ రాయాలి, పాత సంతకాలు తీసేయించాలి, కొత్తవి ఎక్కించాలి. చూడ్డానికి ఒక పేజీ ఉత్తరమే. అయినా కాగితాలు రెండు మూడుసార్లు వెనక్కి రావడం మామూలే. తప్పు సాధారణంగా లేఖలో ఉండదు, దాని వెనక జతచేసిన తీర్మానంలో ఉంటుంది.

మాట తేలిగ్గా సాగడానికి ఒక ఊహాజనిత ఉదాహరణ పెట్టుకుందాం. హైదరాబాద్‌లో 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ సంఘం, సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద నమోదైంది. ఖాతాలో అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురి సంతకాలున్నాయి, ఏ ఇద్దరు కలిసి పెట్టినా చెక్కు చెల్లుతుంది. 2025 ఏప్రిల్ 13, ఆదివారం సర్వసభ్య సమావేశం జరిగింది. అధ్యక్షుడు ఆయనే, కార్యదర్శి, కోశాధికారి మారారు.

అపోహ: కొత్త కోశాధికారి లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెడితే బ్యాంకు మార్చేస్తుంది.

వాస్తవం: కొత్త కోశాధికారి సంతకం బ్యాంకు దగ్గర ఇంకా లేదు. కాబట్టి ఆ లేఖ మీద ఆయన ఒక్కరి సంతకమే ఉంటే, కౌంటర్లో కూర్చున్నవారి దృష్టిలో అది ముక్కూ మొహం తెలియని మనిషి రాసిన ఉత్తరం. లేఖను కొత్త కోశాధికారే తయారుచేయొచ్చు, కానీ సంతకాలు మాత్రం ఇప్పుడున్న మ్యాండేట్ ప్రకారం, అంటే ఖాతా ఎవరెవరు ఎలా నడపాలో బ్యాంకుకు ఇంతకుముందు రాసిచ్చిన దాని ప్రకారం, ఉండాలి. మన ఉదాహరణలో ఏ ఇద్దరైనా అన్నది నియమం కాబట్టి, కొనసాగుతున్న అధ్యక్షుడు, దిగిపోతున్న ఇద్దరిలో ఒకరు కలిసి పెడితే సరిపోతుంది. బ్యాంకు వాటిని స్క్రీన్ మీద ఉన్న పాత నమూనాతో పోల్చుకుని, ఆ తర్వాతే లోపలి కాగితాలు చూస్తుంది.

దిగిపోయినవాళ్లు అలిగి సంతకం పెట్టబోమంటే? వాళ్ల ఒప్పుదల లేకపోతే మార్పు ఆగిపోతుందనుకోవడం కూడా అపోహే. అధికారం సంఘానిది, వాళ్లది కాదు. అయితే అప్పుడు బ్యాంకుకు ఇంకో ఆధారం కావాలి. సమావేశం తర్వాత కొత్త కమిటీ జాబితాను సొసైటీల రిజిస్ట్రారుకు, అంటే జిల్లా రిజిస్ట్రారుకు, ఎలాగూ ఇవ్వాలి. దాని ధ్రువీకృత నకలు తీసుకుని, తీర్మానంతో పాటు జతచేయండి. సంఘం రెండు వర్గాలుగా చీలి, రెండూ తామే కమిటీ అని బ్యాంకుకు లేఖలు ఇస్తే మాత్రం ఏ బ్యాంకూ తీర్పు చెప్పదు. చాలాసార్లు ఖాతానే ఆపేసి, తేల్చుకుని రమ్మంటుంది. ఆ వివాదానికి చట్టం చూపే దారి మధ్యవర్తిత్వం లేదా జిల్లా కోర్టు. బ్రాంచి మేనేజరు బల్ల ముందు వాదించి లాభం లేదు.

అపోహ: "కమిటీ మారింది, సంతకాలు మార్చగలరు" అని తీర్మానంలో ఉంటే చాలు.

వాస్తవం: కాగితాలు ఎక్కువగా వెనక్కి వచ్చేది ఇక్కడే. తీర్మానం చదివిన గుమస్తాకు నాలుగు సంగతులు అనుమానం లేకుండా తెలియాలి: ఏ ఖాతా, ఎవరిని తీసేయాలి, ఎవరిని చేర్చాలి, ఇక మీదట ఖాతా ఎలా నడపాలి. పదవి ఒక్కటే రాస్తే కుదరదు, పేరు ఒక్కటే రాసినా కుదరదు, రెండూ ఉండాలి. పేరు కూడా పాన్ కార్డులో ఉన్న అక్షరాలతోనే రాయాలి. మినిట్స్‌లో "రావు గారు" అని రాసుకున్నా ఫర్వాలేదు గానీ తీర్మానంలో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు కావాలి.

సరిగ్గా రాసిన తీర్మానం ఇలా ఉంటుంది:

"13-04-2025న మొత్తం 48 మంది సభ్యులలో 31 మంది హాజరై, కోరం ఉన్న సర్వసభ్య సమావేశంలో ఈ కింది తీర్మానం ఆమోదించడమైనది. మీ బ్రాంచిలోని సంఘం సేవింగ్స్ ఖాతా నంబరు ........ కు సంబంధించి, పూర్వ కార్యదర్శి శ్రీ ........, పూర్వ కోశాధికారి శ్రీమతి ........ లకు ఇచ్చిన అధికారం రద్దు చేయడమైనది. వారి స్థానంలో కార్యదర్శి శ్రీమతి ........, కోశాధికారి శ్రీ ........ లకు అధికారం ఇవ్వడమైనది. అధ్యక్షుడు శ్రీ ........ అధికారం యథాతథం. ఇక మీదట పై ముగ్గురిలో ఏ ఇద్దరైనా కలిసి చెక్కులపై సంతకం చేయవచ్చును. ఇదే ఖాతాదారు పేరున ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లకూ, నెట్ బ్యాంకింగ్‌కూ ఇదే వర్తించును."

ఇందులో "యథాతథం" అన్న వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. మారనివాళ్ల గురించి రాయడమెందుకు అనుకుంటారు. అది లేకపోతే కొత్త తీర్మానం పాత తీర్మానం మొత్తాన్నీ కొట్టేసిందా, ఇద్దరినే మార్చిందా అని బ్యాంకు అడుగుతుంది. అడిగితే మళ్లీ సమావేశమే.

ఇంకో చిక్కు మ్యాండేట్ మాటలోనే ఉంటుంది. కొన్ని సంఘాలు జాగ్రత్త కోసం "ఇద్దరు, అందులో కోశాధికారి తప్పనిసరి" అని పెట్టుకుంటాయి. డబ్బు మీద అదుపుకు మంచిదే. కానీ ఆ కోశాధికారి ఫ్లాట్ అమ్ముకుని వెళ్లిపోయినా, ఆసుపత్రిలో ఉన్నా మిగతా ఇద్దరూ చెక్కు ఇవ్వలేరు. ఈ మార్పు కోరే లేఖ మీద కూడా ఆయన సంతకం కోసమే వెతుక్కోవాలి. నాలుగైదు ఫ్లాట్లే చురుగ్గా ఉండే చిన్న సంఘానికి "ముగ్గురిలో ఏ ఇద్దరైనా" అన్నదే మేలు.

తీర్మానం సర్వసభ్య సమావేశానిదా, కార్యవర్గానిదా అన్నది మీ బైలాల మీద ఆధారపడుతుంది. పదవులకు ఎన్నుకునేది సర్వసభ్య సమావేశమైనా, ఖాతా నిర్వహణ అధికారం కార్యవర్గానికి ఇచ్చిన బైలాలు చాలా ఉన్నాయి. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన బైలాల నకలు బ్యాంకు ఫైల్లో ఉంటుంది, అక్కడివాళ్లు దాన్నే తిప్పి చూస్తారు. మీరూ ముందే ఆ పేజీ చూసుకుని వెళ్లండి.

అపోహ: తీర్మానం స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయించాలి.

వాస్తవం: సంఘం లెటర్‌హెడ్ మీద, మినిట్స్ పుస్తకంలోని తీర్మానాన్ని ఉన్నదున్నట్టు రాసి, "నిజప్రతి" అని ధ్రువీకరించి, సీలు వేస్తే సరిపోతుంది. ధ్రువీకరించేవారిలో బ్యాంకుకు తెలిసిన సంతకం ఒకటి ఉండాలి, మన ఉదాహరణలో అధ్యక్షుడిది. మినిట్స్ పుస్తకం వెంట తీసుకెళ్లండి, అడిగితే చూపించండి, ఇచ్చేసి రావద్దు. కొన్ని బ్యాంకులకు తీర్మానానికి సొంత నమూనా ఉంటుంది. సమావేశానికి ముందే ఒకసారి బ్రాంచికి వెళ్లి ఆ కాగితం తెచ్చుకుంటే, అందులోని మాటలనే తీర్మానంగా ఆమోదించుకోవచ్చు. ఈ ఒక్క పనితో సగం తిప్పలు తగ్గుతాయి.

అపోహ: నమూనా సంతకం అంటే కార్డు మీద ఎలాగోలా మూడుసార్లు గీయడమే.

వాస్తవం: ఆ కార్డును స్కాన్ చేసి కంప్యూటర్లో పెడతారు. తర్వాత మీ చెక్కు ఏ బ్రాంచిలో వేసినా, దాని బొమ్మను ఈ బొమ్మ పక్కన పెట్టి చూస్తారు. గడి గీతల మీదికి పోయిన సంతకం, రబ్బరు స్టాంపు కింద మునిగిన సంతకం స్కాన్‌లో సగమే కనిపిస్తుంది. స్టాంపు పక్కన వేయండి, సంతకం మీద కాదు. మొదటిది తీరిగ్గా, మూడోది హడావుడిగా పెడితే ఏది అసలో తెలియదు. రోజూ చెక్కుల మీద పెట్టేదే పెట్టండి. తెలుగులో పెట్టినా చెల్లుతుంది, ఆ తర్వాత చెక్కుల మీదా తెలుగులోనే ఉండాలి, అంతే.

కొత్తవాళ్ల నమూనా సంతకాలను పాత మ్యాండేట్‌లో ఉన్నవారు ధ్రువీకరించాలి. దానికి తోడు కొత్త ఇద్దరి పాన్, ఆధార్ లేదా వేరే గుర్తింపు పత్రం, ఫొటో ఇవ్వాలి. సంఘం తరఫున అధికారం పొందిన వ్యక్తి ఎవరో గుర్తించడం కేవైసీ నిబంధనల ప్రకారం బ్యాంకు బాధ్యత కనుక దీన్ని తప్పించుకోలేం. ఇద్దరూ అసలు పత్రాలతో బ్రాంచికి స్వయంగా వెళ్తే పని ఒక్క రోజులో ముందుకు కదులుతుంది.

అపోహ: పాత సంతకాలతో ముందే ఇచ్చిన చెక్కులు వాటంతటవే చెల్లిపోతాయి.

వాస్తవం: చెల్లొచ్చు, తిరిగి రావొచ్చు. చెక్కు తేదీ నుంచి మూడు నెలల దాకా ఎప్పుడైనా బ్యాంకుకు రావచ్చు. ఈలోగా కంప్యూటర్లో పాత సంతకం తీసేస్తే, మార్చి నెలాఖరున లిఫ్టు కంపెనీకి ఇచ్చిన చెక్కు "సంతకం మ్యాండేట్ ప్రకారం లేదు" అని వెనక్కి వస్తుంది. లిఫ్టువాళ్లు దాన్ని మామూలు బౌన్సుగానే చూస్తారు. చట్టం కూడా వాళ్ల వైపే ఉండొచ్చు: సంతకం సరిపోలక తిరిగొచ్చిన చెక్కుకూ, చెక్కు బౌన్సును నేరంగా చూసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 వర్తిస్తుందని 2012లో లక్ష్మీ డైకెమ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సంతకందారులను మార్చుకున్నామన్న వాదన ఆ కేసులోనూ వచ్చింది. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టేస్తే ఆ సెక్షన్ కింద కేసు ఉండదు, సంఘం పరువు మాత్రం అప్పటికే పోతుంది.

అందుకని లేఖ రాసేముందు చెక్కు బుక్కు కౌంటర్‌ఫాయిళ్లు, పాస్‌బుక్కు పక్కపక్కన పెట్టుకోండి. 000341 నుంచి 000346 దాకా ఇచ్చారనుకుందాం, పాస్‌బుక్కులో నాలుగే దిగాయి. మిగిలిన రెండింటి నంబరు, తేదీ, మొత్తం, ఎవరికిచ్చారో లేఖలో రాసి "పాత మ్యాండేట్ ప్రకారం 13-04-2025 లోపు సంతకం చేసిన ఈ రెండు చెక్కులను చెల్లించగలరు" అని కోరండి. దాని కిందే "ఇవి తప్ప పాత కార్యదర్శి, కోశాధికారి సంతకంతో మరే చెక్కూ చెల్లించవద్దు" అని ఉండాలి. బ్యాంకు కుదరదంటే ఆ రెండూ వెనక్కి తీసుకుని కొత్తవి ఇవ్వడమే శుభ్రమైన దారి. సంతకం చేసి ఖాళీగా ఉంచిన చెక్కులు పాత కోశాధికారి సొరుగులో దొరికితే, చించి రద్దు చేసి, వాటి నంబర్లు కూడా లేఖలో చేర్చండి.

మన ఉదాహరణలో 14 ఏప్రిల్ అంబేడ్కర్ జయంతి, బ్యాంకు సెలవు. లేఖ 15న గానీ అందదు. సమావేశానికీ, లేఖ అందడానికీ మధ్య ఎవరూ చెక్కు రాయకుండా చూసుకోండి.

అపోహ: సంతకాలు మారితే అన్నీ మారినట్టే.

వాస్తవం: నెట్ బ్యాంకింగ్ యూజర్ వేరు, సంతకం వేరు. ఓటీపీ ఇంకా పాత కోశాధికారి ఫోనుకే వెళ్తుంటుంది, స్టేట్‌మెంటు ఆయన మెయిలుకే. ఈ రెండింటికీ వేరే ఫారాలు ఉంటాయి, అదే రోజు ఇచ్చేయండి. లేఖ రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండో దాని మీద బ్రాంచి సీలు, తేదీ వేయించుకోండి. మార్పు ఎక్కిందని బ్యాంకు చెప్పాక, నెల జీతాల చెక్కులన్నీ ఒకేసారి రాయకుండా ముందు వాచ్‌మన్‌కు సామాన్లు కొనే కొట్టుకు ఐదారు వందల రూపాయల చెక్కు ఒకటి కొత్త ఇద్దరి సంతకాలతో ఇచ్చి చూడండి. అది దిగిన తర్వాత మిగతావి రాయండి. 50,000 రూపాయలు, ఆపైన ఉన్న చెక్కులకు పాజిటివ్ పే వివరాలు, అంటే చెక్కు నంబరు, తేదీ, మొత్తం లాంటివి ముందుగానే బ్యాంకుకు ఎవరు పంపాలో కూడా ఆ పరిశీలన సమయంలోనే తేల్చుకోండి, ఎందుకంటే ఆ లాగిన్ ఇంకా పాత కోశాధికారి పేరు మీదే ఉండి ఉండొచ్చు.