సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపితే సెల్ఫ్ మోటార్ పాడవుతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో కార్ల ఎలక్ట్రికల్ పనులు చేసే నా దగ్గరికి సెల్ఫ్ మోటార్ బాగు చేయించుకోవడానికి వచ్చేవారిలో చాలామంది ఒకే మాట చెబుతారు. లీలామహల్ కూడలిలోనో, అన్నమయ్య కూడలిలోనో రెడ్ పడిన ప్రతిసారీ ఇంజిన్ ఆపడం వల్లనే మోటార్ పోయిందని, ఇకమీదట ఆపబోమని వారి నిర్ణయం. మోటార్ విప్పి చూస్తే మాత్రం కారణం చాలాసార్లు మరొకటి కనిపిస్తుంది. అందుకే ఈ విషయాన్ని లెక్కతో సహా రాస్తున్నాను.

అపోహ: మళ్లీ స్టార్ట్ చేయడానికి అయ్యే పెట్రోలు, ఆపినందువల్ల మిగిలినదానికంటే ఎక్కువ.

ఇది కార్బ్యురేటర్, చోక్ ఉన్న రోజుల నుంచి వస్తున్న నమ్మకం. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోలు ఎంత పడాలో కంప్యూటర్ కొలిచి పంపుతుంది. వేడిగా ఉన్న ఇంజిన్ అర సెకనులోనో, ముప్పావు సెకనులోనో అందుకుంటుంది. అలా మళ్లీ స్టార్ట్ చేయడానికి అయ్యే ఇంధనం, ఇంజిన్ నిలబడి తిరుగుతూ దాదాపు 10 సెకన్లలో తాగే ఇంధనాన్ని మించదు.

1.2 లీటర్ల పెట్రోలు కారు ఏసీ లేకుండా నిలబడి తిరిగితే గంటకు సుమారు 700 మిల్లీలీటర్లు తాగుతుందనుకుందాం. అంటే సెకనుకు 0.2 మిల్లీలీటర్ల కంటే కొంచెం తక్కువ. సిగ్నల్ మీద 90 అంకె కనిపించినప్పుడు మీరు ఆగారు, వెంటనే ఇంజిన్ ఆపారు, పచ్చదీపానికి 5 సెకన్ల ముందు మళ్లీ సెల్ఫ్ కొట్టారు. ఆపడానికి, తిరిగి అందుకోవడానికి పట్టే సమయం తీసేస్తే ఇంజిన్ నిజంగా ఆగి ఉన్నది 80 సెకన్లు. మిగిలినది పదిహేనున్నర మిల్లీలీటర్లు, అందులో స్టార్టింగుకు పోయినది 2. నికరంగా పదమూడున్నర మిల్లీలీటర్లు దక్కాయి. లీటరు 110 రూపాయలనుకుంటే ఒక్క సిగ్నల్ దగ్గర సుమారు రూపాయిన్నర. ఏసీ నడుస్తుంటే తాగుడు ఇంకా పెరుగుతుంది కాబట్టి మిగులు కూడా పెరుగుతుంది. అయితే మే నెల ఎండలో పిల్లలను, పెద్దవారిని వెంటబెట్టుకున్నప్పుడు ఏసీ ఆపమని నేను ఎవరికీ చెప్పను.

అపోహ: ఆ రూపాయిన్నరకు ఆశపడితే వేలు పోసి సెల్ఫ్ మోటార్ మార్చుకోవాలి.

ఈ భయంలో కొంత నిజం ఉంది, ఎందుకంటే ప్రతి స్టార్టింగూ మోటార్ ఆయుష్షులో ఒక వంతును తినే మాట వాస్తవం. ఆ వంతు ఎంత అన్నదే తేలాలి. ఆటోమేటిక్‌గా ఆగి స్టార్ట్ అయ్యే వ్యవస్థ లేని సాధారణ కారు మోటార్ కొన్ని పదివేల స్టార్టింగులను తట్టుకునేలా తయారవుతుంది. జాగ్రత్త కోసం 30,000 అనుకుందాం. కొత్త మోటార్ బిగింపుతో కలిపి 6,000 రూపాయలనుకుంటే ఒక్క స్టార్టింగుకు 20 పైసలు పడుతుంది. అదనపు స్టార్టింగుల వల్ల నాలుగేళ్లు రావాల్సిన 5,000 రూపాయల బ్యాటరీ ఆరు నెలల ముందే పోయిందని కూడా లెక్కలో వేసుకుందాం. రోజుకు పది అదనపు స్టార్టింగుల చొప్పున పంచితే మరో 5 పైసలు. మొత్తం 25 పైసలు.

25 పైసలంటే సుమారు 2.3 మిల్లీలీటర్ల పెట్రోలు, అంటే ఇంజిన్ పన్నెండు సెకన్లు నిలబడి తిరిగినంత. దీనికి స్టార్టింగులో పోయే 10 సెకన్లు కలిపితే 22 సెకన్ల దగ్గర లాభం, నష్టం సమానమవుతాయి. మీ కారు మోటార్ ధర ఎక్కువైతే ఈ గీత కొంత పైకి జరుగుతుంది. అందుకే నేను నా దగ్గరికి వచ్చేవారికి 30 సెకన్లు అని చెబుతాను. ఆపడానికి, పచ్చదీపానికి ముందే సెల్ఫ్ కొట్టడానికి పోయే 10 సెకన్లు కూడా కలిపి, అంకె 40 కంటే పైన ఉంటే ఆపండి, కింద ఉంటే ఆపవద్దు. అంకెలు కనిపించని సిగ్నల్ దగ్గరికి మధ్యలో వచ్చి చేరితే ఆపకపోవడమే మేలు.

ఇక మోటార్లు నిజంగా ఎందుకు పోతాయి? మోటార్ అరుగుదల ఎన్నిసార్లు తిరిగిందన్నదాని మీదే కాదు, ప్రతిసారీ ఎంతసేపు, ఎంత లోడు మీద తిరిగిందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. బ్యాటరీ నీరసించిన కారులో తాళం తిప్పి నాలుగైదు సెకన్లు పట్టుకునేవారి మోటార్ విప్పితే, కార్బన్ బ్రష్‌లు కురచబారి, అవి రాసుకునే రాగి పట్టీలు నల్లగా మాడి ఉంటాయి. ఇంజిన్ అందుకున్న తర్వాత కూడా తాళం వదలనివారి మోటార్‌లో ఇంజిన్‌ను పట్టి తిప్పే చిన్న గేరు, అంటే బెండిక్స్, పళ్లు అంచుల్లో చిట్లి ఉంటాయి. సిగ్నల్ దగ్గర వేడి ఇంజిన్‌ను అర సెకనులో లేపే పని వీటి ముందు చాలా తేలిక. ఇంజిన్ లోపలి అరుగుదల సంగతీ అంతే. అది ప్రధానంగా, రాత్రంతా నిలిపిన బండిలో ఆయిల్ కిందికి దిగిపోయాక చేసే తొలి స్టార్టింగులో జరుగుతుంది. నిమిషంన్నరలో బేరింగుల మీది ఆయిల్ పొర తొలగిపోదు.

అపోహ: బ్యాటరీని దించేది సెల్ఫ్ కొట్టడమే.

సెల్ఫ్ మోటార్ 150 ఆంపియర్లు లాగినా అది సెకను కూడా నిండని పని. ఇంజిన్ మాత్రం ఆపి, తాళాన్ని ఆన్‌లోనే ఉంచి, హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు వదిలేస్తే 15 ఆంపియర్లు 80 సెకన్ల పాటు పోతూనే ఉంటాయి. లెక్క కడితే ఇది స్టార్టింగుకు పోయినదానికి పదింతలకు పైనే. అందువల్ల ఆపినప్పుడు బ్లోయరు కట్టేయాలి. రాత్రిపూట హెడ్‌లైట్లు తీసి పార్కింగ్ లైట్లు మాత్రం తప్పకుండా ఉంచాలి, వెనుక వచ్చేవారికి బండి కనిపించాలి కదా.

ఈ అలవాటుకు మీ బ్యాటరీ పనికివస్తుందో లేదో మల్టీమీటరుతో తేలుతుంది. రాత్రంతా నిలిపిన బండిలో ఉదయం 12.4 వోల్టుల కంటే తక్కువ చూపినా, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడినా, ఇంజిన్ నడుస్తుండగా 13.8కి తగ్గి ఉన్నా, ముందు ఆ లోపాన్ని చూపించుకోవాలి, అప్పటివరకు సిగ్నల్ దగ్గర ఆపకూడదు. మీటరు లేనివారు చెవిని నమ్మవచ్చు. మోటార్ బరువుగా, ఈడ్చినట్టు తిరిగినా, తిరగకుండా టకటకమని శబ్దం మాత్రమే వచ్చినా అదే సూచన.

ఆటోమేటిక్‌గా ఆగి స్టార్ట్ అయ్యే కార్లకు మోటార్, బ్యాటరీ రెండూ ఆ పని కోసమే గట్టిగా చేసి ఇస్తారు. అలాంటి కారుకు చవకగా వస్తుందని మామూలు బ్యాటరీ బిగించుకుంటే అది త్వరగా చేతులెత్తేస్తుంది. ద్విచక్ర వాహనాల్లో మిగిలేది తక్కువే అయినా, లాభనష్టాల గీత దాదాపు అక్కడే ఉంటుంది.

అపోహ: బండి ఎక్కడ నిలిచినా ఇదే లెక్క.

పండుగ రోజుల్లో అలిపిరి తనిఖీ కేంద్రం ముందు వరుస పదిహేను సెకన్లకోసారి ఒక బండి పొడవు జరుగుతుంది. అక్కడ ప్రతిసారీ ఆపితే పైన చెప్పిన 22 సెకన్ల గీతకు కిందనే ఉంటారు కాబట్టి పెట్రోలూ మిగలదు, మోటారుకూ శ్రమ. వరుస పూర్తిగా నిలిచిపోయినప్పుడే ఆపాలి. వాలు మీద నిలిచినప్పుడు హ్యాండ్ బ్రేకు వేయకుండా ఇంజిన్ ఆపకూడదు, ఎందుకంటే ఇంజిన్ ఆగితే బ్రేకుకు అందే వాక్యూం సాయం రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. తిరుమల నుంచి ఘాట్ దిగుతూ ఇంజిన్ ఆపడం మరీ ప్రమాదకరం, పైగా అందులో మిగిలేదీ లేదు. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలి దిగుతున్నంతసేపు ఇంజెక్షన్ ఇంజిన్ తనంతట తానే ఇంధనం ఆపేసుకుంటుంది.