స్మార్ట్ అలారం ఆలస్యంగా మోగిందా? అపోహలు - వాస్తవాలు

నేను నల్లగొండలో నిద్ర పరీక్షలు చేసే టెక్నీషియన్‌ని. తలకు తీగలు అంటించుకుని పడుకున్నవారి మెదడు తరంగాలను రాత్రంతా చూస్తూ, ఎప్పుడు తేలిక నిద్రలో ఉన్నారో, ఎప్పుడు గాఢనిద్రలోకి జారారో గుర్తించడం నా పని. ఈ మధ్య పరీక్షకు వచ్చేవారిలో చాలామంది చేతికి స్మార్ట్ వాచీ ఉంటోంది. "తేలిక నిద్రలో ఉన్నప్పుడే లేపుతుందని కొన్నాను సార్, ఒక్కోరోజు బాగా ఆలస్యంగా మోగుతోంది, పాడైందేమో చూడండి" అని అడుగుతుంటారు. చాలాసార్లు వాచీ బాగానే ఉంటుంది. అది ఏ లెక్కన మోగుతుందో ఎవరూ వారికి వివరంగా చెప్పి ఉండరు.

అపోహ: చివరి నిమిషంలో మోగిందంటే అలారం విఫలమైనట్టే.

వాస్తవం: మనం అయిదు గంటలకు పెట్టి, అరగంట వ్యవధి ఇచ్చామనుకుందాం. చాలా యాప్‌లలో దాని అర్థం 4:30 నుంచి 5:00 వరకు అని. ఆ అరగంటలో తేలిక నిద్ర కనిపిస్తే అలారం ముందే లేపవచ్చు. కనిపించకపోతే అయిదింటికి తప్పనిసరిగా మోగాలి. అంటే మనం పెట్టిన సమయం గడువు మాత్రమే. అలారం దాని చుట్టూ అటూ ఇటూ మోగదు. అన్ని యాప్‌లూ ఇలాగే ఉండాలని లేదు కాబట్టి, మీ యాప్ ఏ పద్ధతిలో పనిచేస్తుందో ముందుగా సెట్టింగుల్లో చూసుకోవాలి.

చిక్కంతా అలవాటుతో వస్తుంది. హైదరాబాద్‌కు రోజూ బస్సులో వెళ్లే ఒక ఉద్యోగి తన వాచీ రికార్డు నాకు చూపించారు. ఆయన సాధారణంగా పదిన్నరకు పడుకుంటారు. అలారం అయిదుకు, వ్యవధి అరగంట. మామూలు రోజుల్లో 4:36 ప్రాంతంలో మోగుతూ వచ్చింది. దాంతో అదే తన అలారం సమయమని మనసులో స్థిరపడిపోయింది. ఒక రాత్రి మిర్యాలగూడలో పెళ్లికి వెళ్లి వచ్చి 1:15కు పడుకున్నారు. తెల్లవారి సరిగ్గా 5:00కు మోగింది. 5:45 బస్సు తప్పిపోయింది.

ఆ రికార్డులో 4:28 నుంచి 4:52 వరకు చెయ్యి దాదాపు కదలలేదు, నాడి నెమ్మదిగా, నిలకడగా ఉంది. 4:53కు ఒకసారి పక్కకు తిరిగారు. వాచీ వెంటనే మోగలేదు. 4:56కల్లా మళ్లీ కదలిక ఆగింది. ఆపైన గడువు వచ్చింది, మోగింది. అది చేయవలసిన పనే చేసింది.

పదిన్నరకు పడుకున్న రోజుల్లో మోగినట్టు ఆ రోజు 4:36కు ఎందుకు మోగలేదు? గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలోనే ఉంటుంది. తెల్లవారుజామున తేలిక నిద్ర, కలల నిద్ర ఎక్కువ. పదిన్నరకు పడుకున్న మనిషికి 4:30 అంటే నిద్ర చివరి భాగం. 1:15కు పడుకున్న మనిషికి అప్పటికి మూడు గంటలే గడిచాయి. పైగా నిద్ర కరువైన శరీరం గాఢనిద్రను వదులుకోదు. అందుకే ఆలస్యంగా పడుకున్న రోజే స్మార్ట్ అలారం గడువు దాకా ఆగే అవకాశం ఎక్కువ. మనకు తొందర ఉండేది కూడా తరచుగా ఆ మర్నాడే.

ఆయనతో కలిసి లెక్క వెనక్కి వేశాం. 5:45 బస్సుకు ఇంటి నుంచి 5:35కు బయలుదేరాలి. తయారవడానికి యాభై నిమిషాలు. అంటే ఎంత ఆలస్యమైనా 4:45కు లేవాలి. అలారం పెట్టవలసింది ఆ సమయానికే. వ్యవధి ఇరవై నిమిషాలు ఇస్తే అది 4:25 నుంచి 4:45 మధ్య ఎప్పుడు మోగినా బస్సు అందుతుంది.

అపోహ: తేలిక నిద్రలోకి రాగానే వాచీకి తెలిసిపోతుంది.

వాస్తవం: వాచీ మెదడును చూడదు. మణికట్టు కదలికను, చర్మం మీద పడే వెలుగు ద్వారా నాడిని చూసి ఊహిస్తుంది. పరీక్షగదిలో మేము మెదడు తరంగాలు, కంటి కదలిక, గడ్డం కండరం బిగువు కలిపి చూసి, 30 సెకన్లకు ఒక ముక్క చొప్పున నిద్ర దశను గుర్తిస్తాం. వాచీకి అంత సమాచారం లేదు. ఒక్కసారి ఒత్తిగిలినంత మాత్రాన తేలిక నిద్ర అనేస్తే గాఢనిద్ర మధ్యలోనే లేపేస్తుంది. అందుకని తర్వాతి కొన్ని నిమిషాలు కూడా చూసి నిర్ణయించుకునేలా చేస్తారు. పై ఉదాహరణలో 4:53 కదలికకు మోగకపోవడానికి కారణం అదే. కలల నిద్రలో కండరాలు దాదాపు పూర్తిగా వదులైపోయి చెయ్యి పెద్దగా కదలదు కాబట్టి, అక్కడ కూడా వాచీ తడబడుతుంది.

పట్టీ వదులుగా ఉన్నా, చార్జింగ్ అయిపోయినా సమాచారమే అందదు. అప్పుడు గడువుకే మోగుతుంది. ఆ రాత్రి గ్రాఫులో ఖాళీ కనిపిస్తే కారణం అదని అనుకోవచ్చు. వాచీ లేకుండా ఫోనునే పరుపు మీద పెట్టుకునేవారికి మరో ఇబ్బంది ఉంది. నులక మంచం మీద పక్కన పిల్లవాడు దొర్లినా ఆ కదలికను ఫోను మీ లెక్కలోనే వేస్తుంది.

అపోహ: వ్యవధి ఎంత పెద్దదైతే అంత మంచిది.

వాస్తవం: తెల్లవారుజామున తేలిక నిద్ర తరచుగా వస్తుంది కాబట్టి, గంట వ్యవధి ఇస్తే చాలాసార్లు మొదట్లోనే మోగి నలభై, యాభై నిమిషాల నిద్ర పోతుంది. లేవగానే తల బరువు తగ్గుతుందని అంత నిద్ర పోగొట్టుకోవడం నా దృష్టిలో నష్టమే. ఇరవై, ముప్పై నిమిషాలు చాలు.

అపోహ: పెట్టిన సమయం దాటాక మోగినా తేలిక నిద్ర కోసం ఆగిందనే అర్థం.

వాస్తవం: ఇది పూర్తిగా వేరే సమస్య. అయిదు గడువైతే 5:07కు మోగడానికి నిద్రతో సంబంధం లేదు. ముందుగా యాప్‌లో మోగిన సమయం ఎంతని నమోదైందో చూడండి. అక్కడ 5:00 అనే ఉంటే అలారం మోగింది, మీకే వినపడలేదు. చాలా యాప్‌లు శబ్దాన్ని అతి తక్కువగా మొదలుపెట్టి కొన్ని నిమిషాల్లో పెంచుతాయి. మన దగ్గర వేసవిలో కూలర్ హోరులో మొదటి నిమిషాల శబ్దం కలిసిపోతుంది. శబ్దం మెల్లగా పెరిగే ఏర్పాటును తీసేయండి, లేదా వాచీ కంపనాన్ని కూడా పెట్టుకోండి.

నమోదైన సమయమే 5:07 అయితే ఫోను బ్యాటరీ పొదుపును అనుమానించాలి. ఆండ్రాయిడ్ 6 నుంచి, చార్జింగ్‌కు పెట్టకుండా, కదలకుండా, తెర ఆరిపోయి ఉన్న ఫోను కొంతసేపటికి యాప్‌ల పనులను వాయిదా వేస్తుంది. దీన్ని తేల్చుకోవడం సులభం. ఒక రాత్రి ఫోనును చార్జింగ్‌కు పెట్టి, మరో రాత్రి పెట్టకుండా చూడండి. చార్జింగ్‌లో ఉన్నప్పుడు సమయానికి మోగి, లేనప్పుడు ఆలస్యమైతే కారణం దొరికినట్టే. ఫోను సెట్టింగుల్లో ఆ యాప్ పేజీ తెరిచి, బ్యాటరీ విభాగంలో Unrestricted ఎంచుకోండి. Alarms & reminders అనుమతి ఇచ్చారో లేదో కూడా చూడండి. కొన్ని కంపెనీల ఫోన్లలో వీటికి అదనంగా సొంత పొదుపు ఏర్పాట్లు ఉంటాయి, వాటిలోనూ ఈ యాప్‌ను మినహాయించాలి.

బస్సు, రైలు, పరీక్ష వంటివి ఉన్న రోజు గడువు సమయానికే ఫోనులోని మామూలు గడియారం అలారం కూడా పెట్టుకోమని నేను అందరికీ చెబుతాను. అది నిద్ర దశ కోసం చూడదు, ఆ సమయానికి మోగుతుంది.